విచారణ సారాంశం: తిరగరాసిన ప్రతి, దానితో నోట్

సంస్థ స్థాయి అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్, ఐఏఐపీ, ఛైర్మన్ గారికి,

నమస్కారం సార్. పీహెచ్‌డీ గ్రంథంపై వచ్చిన ఫిర్యాదు గురించి తెలుగు శాఖ పంపిన విచారణ సారాంశాన్ని మీరు చెప్పినట్టే తిరగరాసి పంపుతున్నాను. శాఖ రాసిన పేజీని పక్కన పడేయలేదు. ముందు దాన్నే ఉన్నదున్నట్టు ఇస్తున్నాను, ఎందుకంటే ఏ మాట ఎందుకు మారిందో మీరు పక్కపక్కన పెట్టి చూడాలి. శాఖ స్థాయి ప్యానెల్ డీఏఐపీ ఇచ్చిన నివేదిక, దాని అనుబంధాలు, ఆగస్టు 9 నాటి మన మినిట్స్, పరిశోధకురాలి రెండు లేఖలు ముందు పెట్టుకుని రాశాను. వాటిలో లేని మాట ఒక్కటి కూడా కొత్త ప్రతిలో లేదు.

శాఖ పంపిన పేజీ

"మన శాఖలో పీహెచ్‌డీ చేస్తున్న సదరు విద్యార్థిని వేరే విశ్వవిద్యాలయంలో 2009లో ఒకరు కష్టపడి రాసిన ఎంఫిల్ సిద్ధాంత వ్యాసాన్ని ఉద్దేశపూర్వకంగా చౌర్యం చేసింది. ఏకంగా మూడో అధ్యాయం మొత్తం దించేసింది. గ్రంథంలో మూడో వంతుకు పైగా కాపీయే. ఫిర్యాదుదారు గారి కంట పడకపోతే గుట్టుచప్పుడు కాకుండా డిగ్రీ చేతికి వచ్చేది. విచారణలో నిలదీస్తే పొంతన లేని కారణాలు చెప్పి, చివరికి ఒప్పుకోక తప్పలేదు. అసలు క్షేత్రపర్యటన చేసిందో లేదో కూడా అనుమానమే. గైడ్ కూడా కళ్లు మూసుకుని సంతకం పెట్టినట్టున్నారు. ఇది శాఖకే తలవంపులు. అయినా పేదింటి పిల్ల అన్న జాలితో ఆరు నెలల్లో సరిచేసుకునే అవకాశం ఇచ్చాం."

తిరగరాసిన ప్రతి

విచారణ సారాంశం

విషయం: ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా యక్షగాన సంప్రదాయంపై తెలుగు శాఖలో సమర్పించిన పీహెచ్‌డీ గ్రంథం (240 పేజీలు). గ్రంథంలోని కొన్ని భాగాలు 2009లో మరో విశ్వవిద్యాలయానికి సమర్పించిన ఎంఫిల్ సిద్ధాంత వ్యాసంలోని భాగాలతో కలుస్తున్నాయని 2024 జూన్ 10న లిఖితపూర్వక ఫిర్యాదు అందింది.

విచారణ జరిగిన తీరు: శాఖ స్థాయి అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్ (డీఏఐపీ) ఫిర్యాదును పరిశీలించి 2024 జులై 22న నివేదిక ఇచ్చింది. సంస్థ స్థాయి ప్యానెల్ (ఐఏఐపీ) ఆగస్టు 9న పరిశోధకురాలి వాదన విని, ఆగస్టు 30న ఉపకులపతికి నివేదిక సమర్పించింది. అదే రోజు నివేదిక ప్రతిని పరిశోధకురాలికి అందజేసింది. రెండు ప్యానెళ్లూ నిబంధనల్లోని 45 రోజుల గడువు లోపే నివేదికలు ఇచ్చాయి.

నిర్ధారించిన వాస్తవాలు: ఎంఫిల్ వ్యాసం ముద్రిత ప్రతి మాత్రమే లభించినందున రెండు రచనలనూ పేజీ పేజీ చొప్పున చేత్తో పోల్చారు. మూలాన్ని పేర్కొన్న ఉల్లేఖనలు, ఉపయుక్త గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, వరుసగా 14 పదాలకు మించని సాధారణ పోలికలను లెక్క నుంచి మినహాయించారు. మినహాయింపుల తర్వాత పరిశీలనకు మిగిలిన 54,000 పదాల్లో 11,880 పదాలు, అంటే 22 శాతం, ఎంఫిల్ వ్యాసంలోని వాక్యాలతో కలుస్తున్నాయి. వీటిలో 9,450 పదాలు మూడో అధ్యాయంలోను (81 నుంచి 148 వరకు ఉన్న 68 పేజీల్లో 49 పేజీల్లో), 2,430 పదాలు నాలుగో అధ్యాయంలోను ఉన్నాయి. ఈ భాగాల దగ్గర ఎంఫిల్ వ్యాసాన్ని మూలంగా పేర్కొనలేదు. గ్రంథం చివర ఉన్న ఉపయుక్త గ్రంథసూచిలో ఆ వ్యాసం పేరు ఉంది.

కళాకారులతో జరిపిన ముఖాముఖిల ఆడియో రికార్డింగులు 14ను పరిశోధకురాలు సమర్పించారు. ప్యానెల్ వాటిని పరిశీలించింది. వాటిపై ఆధారపడిన ఐదో అధ్యాయం గురించి ఎలాంటి అభ్యంతరం నమోదు చేయలేదు.

పరిశోధకురాలి వివరణ: 2018-19లో ఎంఫిల్ వ్యాసం చదువుతూ నోటు పుస్తకాల్లో రాసుకున్నానని, తర్వాత టైపు చేసేటప్పుడు ఏవి తన వాక్యాలో ఏవి మూలంలోని వాక్యాలో వేరు చేయలేదని ఆమె తెలిపారు. భాగాలు కలుస్తున్నాయన్న విషయాన్ని ఆమె 2024 జూన్ 28 నాటి లేఖలో అంగీకరించారు. ఉద్దేశం గురించి ప్యానెల్ ఎలాంటి నిర్ధారణ చేయలేదు. ఆమెపై ఇంతకు ముందు ఇలాంటి నిర్ధారణ లేదు.

ఉల్లంఘించిన నియమం: ఉన్నత విద్యాసంస్థల్లో అకడమిక్ ఇంటెగ్రిటీ పెంపు, ప్లేజరిజం నివారణపై యూజీసీ 2018లో జారీ చేసిన నిబంధనలు. 8వ నిబంధన ప్రకారం 10 శాతం దాటి 40 శాతం వరకు ఉండే పోలిక మొదటి స్థాయి కిందికి వస్తుంది. ఈ కేసును ఐఏఐపీ మొదటి స్థాయిగా నిర్ణయించింది.

ఫలితం: మొదటి స్థాయికి 12.1 నిబంధన చెప్పే చర్య, ఆరు నెలలకు మించని గడువులోగా సవరించిన గ్రంథాన్ని సమర్పించమనడం. నిర్ణయంపై అప్పీలు చేయడం లేదని పరిశోధకురాలు 2024 సెప్టెంబరు 4న రాతపూర్వకంగా తెలిపారు. ఉపకులపతి సెప్టెంబరు 6న నిర్ణయాన్ని ఆమోదించారు. సవరించిన గ్రంథం సమర్పించడానికి చివరి తేదీ 2025 మార్చి 6.

మార్పుల గురించి

అన్నిటికంటే ముందు అంకె. శాఖ పేజీలో "మూడో వంతుకు పైగా" అని ఉంది. శాఖ స్వయంగా జతచేసిన అనుబంధంలో ఉన్నది 22 శాతం, అంటే నాలుగో వంతు కూడా కాదు. "మూడో అధ్యాయం మొత్తం" అన్నదీ నిలవదు. ఆ అధ్యాయంలో 19 పేజీలకు ఎంఫిల్ వ్యాసంతో సంబంధమే లేదు. కోపంలో రాస్తే అంకెలు కూడా పెద్దవైపోతాయి. 22 శాతం చిన్న విషయం కాదు, దాన్ని పెంచి చెప్పాల్సిన అవసరమూ లేదు.

"ఉద్దేశపూర్వకంగా" అన్న మాట గురించి మినిట్స్ రెండుసార్లు చదివాను. మీరెవరూ అలా తేల్చలేదు. తేల్చలేదు కాబట్టి మాట తీసేసి ఊరుకోకుండా, నిర్ధారణ చేయలేదని ఒక వాక్యంగా పెట్టాను. ఆ వాక్యం లేకపోతే రేపు చదివేవాళ్లు తమకు తోచింది ఊహించుకుంటారు.

"చౌర్యం" విషయంలో చాలాసేపు ఆగాను. ప్లేజరిజంకి తెలుగులో మనం వాడే మాటే గ్రంథచౌర్యం. అందులో దొంగతనం ముందే కూర్చుని ఉంది. పాఠాల్లో, వ్యాసాల్లో ఆ మాట వాడితే ఇబ్బంది లేదు. ఒక మనిషి ఫైల్లో వాడితే నిబంధన చెప్పినదానికన్నా ఎక్కువ చెప్పినట్టవుతుంది. అందుకే నిబంధన పేరులో ప్లేజరిజం అనే ఉంచాను. జరిగింది చెప్పేచోట "కలుస్తున్నాయి", "మూలంగా పేర్కొనలేదు" అని మాత్రమే రాశాను.

ఇంకొకటి, పైకి కనిపించనిది. శాఖ పేజీలో ఫిర్యాదు చేసినవారు "గారు", గైడ్ "ఉన్నారు", పరిశోధకురాలు మాత్రం "చేసింది", "దించేసింది". మన భాషలో క్రియ చివర్లోనే తీర్పు ఇచ్చేయొచ్చు. కొత్త ప్రతిలో అందరికీ ఒకే గౌరవం. "ఏకంగా", "కాపీయే", "అనుమానమే" లాంటి మాటలూ, ఒత్తి పలికే ఏకారాలూ తీసేశాను. "ఒప్పుకోక తప్పలేదు" అన్నది పూర్తిగా తప్పు. ఆమె జూన్ 28నే లేఖ ఇచ్చారు, మన విచారణకు ఆరు వారాల ముందు. ఎవరూ నిలదీయకముందే రాసిన లేఖ అది.

క్షేత్రపర్యటన మీద అనుమానం చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది. డీఏఐపీలోని ముగ్గురు సభ్యులూ రికార్డింగులు విన్నట్టు సంతకాలున్నాయి. విని, అభ్యంతరం లేదని రాసి, సారాంశంలో అనుమానం అనడం న్యాయం కాదు. ఆ 14 రికార్డింగుల మాట సారాంశంలో ఉండి తీరాలని నా అభిప్రాయం.

గైడ్ గురించిన వాక్యం తీసేశాను. అది ఈ విచారణలో రాలేదు, ఆయన్ని ఎవరూ ప్రశ్నించలేదు. పర్యవేక్షణ సంగతి చూడాలని ప్యానెల్ అనుకుంటే దానికి వేరే ఫైలు తెరవాలి. అడగని మనిషికి ఇక్కడ జవాబు చెప్పుకునే దారి లేదు.

చివరి వాక్యం కఠినంగా లేదు, మెత్తగా ఉంది. అదే ఎక్కువ ప్రమాదం అనిపించింది. ఆరు నెలల గడువు జాలితో ఇచ్చింది కాదు. మొదటి స్థాయికి నిబంధనలో రాసి ఉన్న చర్యే అది. 40 శాతం దాటి ఉంటే ఏడాది పాటు సమర్పించనిచ్చేవాళ్లం కాదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దయ్యేది, అప్పుడూ జాలికి చోటుండేది కాదు. దయ అని రాస్తే ఆమె కుటుంబ పరిస్థితి ఫైల్లోకి ఎక్కుతుంది, పైగా వేరొకరికి ఇదే దయ ఎందుకు చూపలేదని రేపు ఎవరైనా అడిగితే మన దగ్గర సమాధానం ఉండదు. ఇలాగే, ఆమె మీద సానుభూతితో శాఖలో ఒకరు ఫోన్ చేసి "సాంకేతిక లోపం" అని రాయమన్నారు. అదీ రాయలేదు. 11,880 పదాలు సాంకేతిక లోపం కాదు.

ఉపయుక్త గ్రంథసూచిలో ఆ వ్యాసం పేరుందన్న సంగతిని శాఖ వదిలేసింది. నేను చేర్చాను. దానివల్ల నిర్ధారణ మారదు, మూలాన్ని వాడుకున్నచోట చెప్పలేదన్నది అలాగే ఉంటుంది. అయినా ఫైలు చదివేవారికి రెండూ కనిపించాలి.

అప్పీలు గురించిన వాక్యాన్ని దయచేసి కుదించొద్దు. అప్పీలు దారులన్నీ ముగిశాక, తన వాదన చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇచ్చాకే చర్య తీసుకోవాలని నిబంధన చెబుతోంది. సెప్టెంబరు 4, 6 తేదీలు రెండూ వరుసగా కనిపిస్తేనే అది పాటించామని తెలుస్తుంది.

మీరు చూడాల్సింది ఒక్కటే మిగిలింది. నాలుగో అధ్యాయానికి పేజీ సంఖ్యలు అనుబంధంలో లేవు, పదాల లెక్క మాత్రమే ఉంది. శాఖను అడిగాను, శుక్రవారానికి ఇస్తామన్నారు. అవి వచ్చాక మీ సంతకంతో ఒక ప్రతి పరిశోధకురాలికి, ఒకటి పరీక్షల విభాగానికి పంపిస్తాను. సవరణ మొదలుపెట్టడానికి ఆమెకు కూడా ఆ పేజీ సంఖ్యలు కావాలి.

సహాయ రిజిస్ట్రార్, అకడమిక్ విభాగం
2024 సెప్టెంబరు 11