వాన మెనూ వచ్చేసిందండోయ్, గుంటూరు!

ముసురు పట్టిందంటే బజ్జీ పడాల్సిందే కదండీ! వాము, చింతపండు కూరి, రెండుసార్లు వేయించిన మిరపకాయ బజ్జీలు 4, పునుగులు 8, అల్లం టీ: ₹99. డబ్బా మూతకి చిల్లులు పెట్టే పంపుతున్నాం, ఆవిరికి మెత్తబడవు. అయినా రాగానే తినేయండి, ఫోటోలు తర్వాత!

వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, మిరియాల చారు, అప్పడం: ₹149. జలుబు చేసినవాళ్లకి చారు ఇంకో గ్లాసు ఫ్రీ, అడగండి చాలు.

గారెలు, నాటుకోడి పులుసు: ₹289. శని, ఆదివారాలే. కారం మన గుంటూరు లెక్కే, తగ్గించమంటే మాత్రం కుదరదు.

మధ్యాహ్నం ఆర్డర్లు 1:30 వరకు. బజ్జీలు సాయంత్రం 4 నుంచి 7:15 దాకా. రాత్రి భోజనానికి 9:30 ఆఖరు, వాన గట్టిగా ఉంటే 9కే ఆపేస్తాం.

బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం, కొరిటెపాడు: డెలివరీ ఫ్రీ. మిగతా చోట్లకి ₹30. మూడు వంతెనల కింద నీళ్లు నిలిస్తే చుట్టూ తిరిగి రావాలి, ఓ పావుగంట అటూఇటూ అవుతుంది. మా కుర్రాళ్లని తొందరపెట్టకండి.

ఆర్డర్‌కి ఇక్కడే మెసేజ్ పెట్టండి.