నలుపు ప్లేటు

రాత్రి పన్నెండూ యాభైకి ఆఫీసు ఫోను మోగింది. ఆ వేళప్పుడు మోగే ఫోను మంచి మాట చెప్పదని రాత్రి పని చేసేవాళ్లందరికీ తెలుసు.

"ప్రూఫు ఫొటో ఇప్పుడే చూశానండీ. పోస్టరులో నా పేరు తప్పు పడింది," అంది ఒక ఆడగొంతు. "నేను మృణాళినిని. మీరు 'లి' వేశారు. నాది 'ళి'."

ఫైలు తెరిచాను. పైన పెద్ద అక్షరాలతో 'స్వరనివాళి'. కింద పసుపు పట్టీ మీద నల్లగా 'గానం: మృణాలిని'. నా కంటికి ఏ లోపమూ కనబడలేదు.

"రెండూ వాడుకలో ఉన్నవేనండీ," అన్నాను కాస్త తెలివి ఒలకబోస్తూ.

"ఉండవచ్చు. నేను సంతకం పెట్టేది ఒక్కటే. మేము రాసి పంపిన కాగితంలోనూ అదే ఉంది. మధ్యలో ఎవరు మార్చారో!"

"ఎవరో దిద్దినట్టున్నారు. చూస్తాను," అని ఫోను పెట్టేశాను.

ఆ ఎవరో నేనే. మూడు రాత్రుల కిందట పని తక్కువగా, పాండిత్యం ఎక్కువగా ఉన్న సమయంలో ఆ 'ళ' నాకు అచ్చుతప్పులా కనబడింది. ఎవరినీ అడగకుండా 'ల' చేశాను. ఆ తర్వాత అక్షరాలన్నిటినీ కర్వులుగా మార్చి, పాత ఫైలు మీదనే సేవ్ చేశాను. కర్వులయ్యాక అక్షరం ఉత్త బొమ్మ. కీబోర్డు మీద ఎంత కొట్టినా మారదు. ఫాంటు వాళ్లది, పని కాగానే కంప్యూటర్ నుంచి తీసేయమన్నారు. తీసేశాను. ఆ ఒక్క మాట మాత్రం తు.చ. తప్పకుండా పాటించాను.

ఐదింటికి ముద్రణ. రెండు వేల కాపీలు. రంగుకొకటి చొప్పున ప్లేట్లు నాలుగూ సాయంత్రమే తయారై మిషన్ పక్కన నిలబడి ఉన్నాయి.

దగ్గరి పోలిక ఉన్న ఫాంటులు ఐదారు వేసి చూశాను. ఒకదాని 'ళ' బొద్దుగా ఉంది, ఇంకొకదాని గుడి మరీ పైకి లేచింది. పక్కింటి పిల్లను తెచ్చి కుటుంబం ఫొటోలో నిలబెట్టినట్టుంది. రెండున్నర అయింది. విసుగొచ్చి కుర్చీ వెనక్కి జరిపి, పోస్టరును మొత్తంగా చూశాను. నివాళి. ని, వా, ళి.

'ళి' అక్కడే ఉంది, అదే ఫాంటులో!

అయితే శీర్షిక నిండుగా కనబడాలని దాన్ని అడ్డంగా సాగదీసింది కూడా నేనే. ఎంత సాగదీశానో గుర్తులేదు. తిన్నగా తగ్గిస్తే 'ళి' పొట్టిగా, వెడల్పుగా వస్తోంది. అప్పుడు కనబడింది 'ని'. నివాళిలో ఒకటి, మృణాలినిలో ఒకటి. శీర్షికకు నకలు తీసి, దాని 'ని' పేరులోని 'ని' మీద గీతకు గీత కూర్చునేదాకా ఎత్తూ వెడల్పూ విడివిడిగా తగ్గించాను. అవి రెండూ ఒకటయ్యాక 'ళి'ని కత్తిరించి తెచ్చి, 'లి' స్థానంలో పెట్టాను. 'ళ' కొంచెం ఎక్కువ చోటు అడిగింది. 'ని'ని కుడికి జరిపి, పట్టీ మధ్యకు పేరును మళ్లీ సర్దాను.

మిగిలింది అసలు భయం. పేరు కింద పసుపులో అక్షరాల ఆకారంలో ఖాళీ వదిలి ఉంటే, పాత 'లి' ఖాళీ మీద కొత్త 'ళి' పడి, అంచుల్లో తెల్లగా కాగితం కనబడుతుంది. అప్పుడు పసుపు ప్లేటు కూడా మార్చాలి. రంగులు ఒక్కొక్కటే విడదీసి చూశాను. నీలంలో పేరు లేదు. ఎరుపులో లేదు. పసుపు పట్టీ ఒక్క చిల్లు లేకుండా పరుచుకొని ఉంది. నలుపు దాని మీదే అచ్చవుతుంది. నేను సరిగా చేసిన పని ఒకటి దొరికినందుకు నిజంగానే ఆశ్చర్యపోయాను.

మిషన్ దగ్గరి పెద్దాయన తలుపులో నిలబడ్డాడు.

"ఎన్ని ప్లేట్లు బాబూ?"

"ఒక్కటే. నలుపు."

ఆయన ప్రూఫు అందుకుని, పేరును చివరి నుంచి మొదటికి చదివాడు. ని, ళి, ణా, మృ. అలా చదివితే కన్ను మోసపోదని ఆయన లెక్క.

"బాగుంది. వర్క్ షీటు ఇవ్వు, ప్లేటు మార్పు రాసుకోవాలి."

'కారణం' అన్న గడిలో అలవాటుగా 'కస్టమర్ మార్పు' అని సగం రాశాను. కొట్టేసి, పక్కన 'డిజైనర్ అడగకుండా దిద్దాడు' అని రాసి సంతకం చేశాను. ఆయన చదివి, ఏమీ అనకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఐదుంబావుకు మొదటి షీటు వచ్చింది. ఇంకు ఇంకా ఆరలేదు. ఫొటో తీసి ఆమెకు పంపి, కింద ఒక వాక్యం టైపు చేశాను: "దిద్దింది ఎవరో కాదండీ, నేనే."