మావయ్య చిత్తు, పంపాల్సిన లేఖ

మావయ్యా,

రాత్రి మీరు వాట్సాప్‌లో పంపిన చిత్తు చదివాను. మీ కోపంలో న్యాయముంది. అత్తయ్య ఇంకా ఆస్పత్రిలో ఉండగానే బీమా కంపెనీవాళ్లు క్యాష్‌లెస్ కాదన్నారు. గాజులు కుదువపెట్టి బిల్లు కడితే, ఇప్పుడు రీయింబర్స్‌మెంటూ కాదన్నారు. ఎవరికైనా కడుపు మండుతుంది. మీరు రాసింది ఇదీ:

"అయ్యా, మీకు సిగ్గూ శరం ఉన్నాయా? తొమ్మిదేళ్లుగా ప్రీమియం దండుకుని తీరా అవసరం పడ్డాక చేతులెత్తేస్తారా? మీరంతా దొంగల ముఠా. నా భార్య గుండెకు స్టెంట్ వేస్తే బీపీ దాచామంటారా? ఎప్పుడో కాస్త బీపీ ఉంటే ఉండొచ్చు, ఈ వయసులో ఎవరికి లేదు? దానికీ గుండెకీ ఏం సంబంధం? ఆస్పత్రివాళ్లూ మీరూ కుమ్మక్కయ్యారని నాకు తెలుసు. వారంలో నా డబ్బు రాకపోతే టీవీ వాళ్లని తీసుకొచ్చి మీ ఆఫీసు ముందే పాలసీ కాగితాలు తగలబెడతా. కోర్టుకీడుస్తా. ఖబడ్దార్."

ఇందులో ఒక్క వాక్యం నన్ను భయపెట్టింది. "ఎప్పుడో కాస్త బీపీ ఉంటే ఉండొచ్చు" అన్నది. మీరు విసుగులో అన్న మాటను వాళ్లు మీ ఒప్పుకోలుగా ఫైల్లో పెట్టుకుంటారు. 2019కి ముందు అత్తయ్యకు ఎవరూ బీపీ ఉందని చెప్పలేదని నిన్న ఫోన్లో మీరే అన్నారు. మనకు తెలిసింది అదే కాబట్టి అదే రాశాను. కుమ్మక్కు మాటకు మన దగ్గర రుజువు లేదు, తీసేశాను. పైగా ఇప్పుడు మనకు సర్టిఫికెట్ ఇచ్చింది ఆ ఆస్పత్రి డాక్టరుగారే. బీపీకీ గుండెకీ సంబంధం లేదనడం వైద్యపరంగా నిలబడదు, మన కేసుకు ఆ వాదన అక్కర్లేదు కూడా.

మీరు రాయనిదే మనకు అసలు బలం. బీరువాలో పాత పాలసీ కవరులో 2016 నాటి పరీక్షల రిపోర్టు దొరికింది కదా, అది వాళ్లే చేయించిన పరీక్ష. అలాగే తిరస్కరణకు వాళ్లు చూపిన పదేళ్ల బీపీ అన్న మాట ఎక్కడ పుట్టిందో లేఖలో చెప్పకపోతే, ఎంత గట్టిగా రాసినా వాళ్లు డిశ్చార్జ్ సమ్మరీనే చూపిస్తారు. ఆ రాత్రి కంగారులో చిన్నోడు "చాలా ఏళ్లుగా మాత్రలు వేసుకుంటోంది" అన్నాడు, డ్యూటీ డాక్టరు పదేళ్లని రాసుకున్నారు. దాన్ని దాచకుండా ఉన్నదున్నట్టు పెట్టాను.

గాజుల సంగతి తీసేసినందుకు నొచ్చుకోకండి. ఈ లేఖ రేపు అంబుడ్స్‌మన్ దగ్గరికీ వెళ్లొచ్చు, అక్కడ తేదీలే మాట్లాడతాయి. ఒకసారి చదివి తేదీలు సరిచూసి సంతకం పెట్టండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఈమెయిల్ కూడా చేద్దాం. ఒరిజినల్స్ మాత్రం ఇవ్వొద్దు, జిరాక్సులే.

గుంటూరు,
29 సెప్టెంబరు 2025

గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసర్ గారికి,
ఆరోగ్య బీమా విభాగం, హైదరాబాద్.

విషయం: క్లెయిమ్ నం. 4471826 తిరస్కరణను పునఃపరిశీలించి రూ. 2,84,650 చెల్లించవలసిందిగా కోరుతూ.

అయ్యా,

మీ సంస్థలో 14 జూన్ 2016న రూ. 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ తీసుకున్నాను. నాటి నుంచి ఏటా గడువులోపే రెన్యువల్ చేయించాను, ఒక్కసారీ విరామం రాలేదు. బీమా మొత్తాన్ని మధ్యలో పెంచలేదు. చివరి రెన్యువల్ 2025 జూన్‌లో జరిగింది.

నా భార్య శ్రీమతి రత్నకుమారి ఛాతీనొప్పితో 9 ఆగస్టు 2025న గుంటూరులో మీ నెట్‌వర్క్ ఆస్పత్రిలో చేరారు. యాంజియోప్లాస్టీ చేసి ఒక స్టెంట్ వేశారు. 12న డిశ్చార్జ్ అయ్యారు. క్యాష్‌లెస్‌కు అనుమతి రాకపోవడంతో బిల్లు మొత్తం రూ. 2,84,650 నేనే చెల్లించి, 25 ఆగస్టున రీయింబర్స్‌మెంట్‌కు పత్రాలన్నీ సమర్పించాను.

రోగికి పదేళ్లుగా రక్తపోటు ఉందని, పాలసీ తీసుకునేటప్పుడు ఆ విషయం వెల్లడించలేదని పేర్కొంటూ 18 సెప్టెంబరున మీరు క్లెయిమ్ తిరస్కరించారు. డిశ్చార్జ్ సమ్మరీలోని ఒక్క వాక్యమే ఇందుకు ఆధారంగా చూపారు. ఈ నిర్ణయం సరైనది కాదని ఈ కింది కారణాలతో తెలియజేస్తున్నాను.

పాలసీ జారీకి ముందు, 28 మే 2016న, మీ సంస్థ సూచించిన డయాగ్నస్టిక్ సెంటర్‌లోనే నా భార్యకు వైద్య పరీక్షలు జరిగాయి. ఆ రిపోర్టులో ఆమె రక్తపోటు 124/80గా నమోదైంది, మందులేవీ వాడటం లేదని కూడా ఉంది. రక్తపోటును మొదటిసారి గుర్తించింది 11 ఫిబ్రవరి 2019న. ఆనాటి ఓపీ చీటీలో రీడింగ్ 160/100గా ఉంది. కొత్తగా గుర్తించినట్టు రాసి, టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. మాత్ర మొదలుపెట్టారు. పాలసీ మొదలైన రెండున్నరేళ్ల తర్వాత బయటపడిన సమస్యను 2016లో వెల్లడించే అవకాశమే లేదు.

డిశ్చార్జ్ సమ్మరీలోని "పదేళ్లు" అన్న మాట, అత్యవసర విభాగంలో చేర్చుకునే సమయంలో మా అబ్బాయి నోటిమాటగా చెప్పిన వివరం నుంచి వచ్చినది. దానికి ఏ వైద్య పత్రమూ ఆధారం కాదు. పాత చీటీలను పరిశీలించిన చికిత్స చేసిన కార్డియాలజిస్టు, రక్తపోటు 2019 ఫిబ్రవరి నుంచి ఉన్నట్టు నిర్ధారిస్తూ 22 సెప్టెంబరున సర్టిఫికెట్ ఇచ్చారు.

ఇదంతా పక్కన పెట్టినా, 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం 60 నెలలు నిరంతరాయంగా కొనసాగిన ఆరోగ్య పాలసీపై, మోసం రుజువైతే తప్ప, సమాచారం వెల్లడించలేదన్న కారణంతో అభ్యంతరం చెప్పడానికి వీల్లేదు. మా పాలసీ మొదలై తొమ్మిదేళ్లు దాటింది. అంతకుముందున్న ఎనిమిదేళ్ల గడువు కూడా చికిత్స నాటికి పూర్తయింది. మీ లేఖలో మోసం జరిగిందన్న ఆరోపణ ఎక్కడా లేదు.

ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ కమిటీ లేదా ముగ్గురు సభ్యుల క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమ్‌నూ తిరస్కరించరాదని, తిరస్కరిస్తే వర్తించే పాలసీ షరతును స్పష్టంగా పేర్కొనాలని ఐఆర్‌డీఏఐ 29 మే 2024 నాటి మాస్టర్ సర్క్యులర్ చెబుతోంది. మాకు అందిన లేఖలో కమిటీ ప్రస్తావన గానీ షరతు సంఖ్య గానీ లేవు.

కాబట్టి తిరస్కరణను రద్దుచేసి రూ. 2,84,650ను, ఆలస్యానికి నిబంధనల ప్రకారం వర్తించే వడ్డీతో సహా, పాలసీలో నమోదైన నా బ్యాంకు ఖాతాకు జమ చేయవలసిందిగా కోరుతున్నాను. మీ నిర్ణయం మారని పక్షంలో, కమిటీ ఆమోదించిన తేదీని, మీరు ఆధారపడిన షరతును, పత్రాలను, నేను 2016లో సంతకం చేసిన ప్రపోజల్ ఫారం నకలును పంపండి.

ఈ లేఖ అందిన 14 రోజుల్లో లిఖితపూర్వక సమాధానం ఇవ్వగలరని ఆశిస్తున్నాను. పరిష్కారం దొరకకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. నెలలోపు సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం సంతృప్తికరంగా లేకపోయినా, బీమా అంబుడ్స్‌మన్ నిబంధనలు, 2017 కింద హైదరాబాద్‌లోని అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయిస్తాను. మీకు మరేదైనా పత్రం కావాలంటే తెలియజేయండి, వెంటనే పంపుతాను.

తిరస్కరణ లేఖ, 2016 వైద్య పరీక్ష రిపోర్టు, 2019 ఓపీ చీటీ, కార్డియాలజిస్టు సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, ఆస్పత్రి బిల్లులు, అన్ని సంవత్సరాల రెన్యువల్ రసీదుల నకళ్లు జతచేస్తున్నాను.

భవదీయుడు,
పి. సాంబశివరావు
పాలసీదారు