చుక్కలతో పరిచయం: ఛానల్ వివరణ, కీవర్డ్స్, కొత్తగా వచ్చినవాళ్లకి

అబౌట్‌లో

తెలుగులో ఆకాశ పరిశీలన. ఖగోళ శాస్త్రం చదువుకోనివాళ్లు కూడా మామూలు కంటితో, బైనాక్యులర్స్‌తో, చిన్న టెలిస్కోప్‌తో చుక్కల్నీ గ్రహాల్నీ గుర్తుపట్టడం నేర్చుకునే ఛానల్ ఇది.

ప్రతి శుక్రవారం ‘ఈ వారం ఆకాశం’ వస్తుంది. పొద్దుగూకాక ఏ దిక్కున ఏం కనిపిస్తుంది, చంద్రుడి పక్కన మెరుస్తున్నది ఏ గ్రహం, అది ఎన్నింటిదాకా ఉంటుంది, అన్నీ అందులో చెబుతాను. మిగతా వీడియోల్లో టెలిస్కోప్ కొనేముందు చూసుకోవాల్సినవి, బైనాక్యులర్స్ వాడకం, ఫోన్‌తో రాత్రి ఆకాశం ఫొటోలు, గ్రహణాలు, ఉల్కాపాతాలు ఉంటాయి.

జాతకాలు, రాశిఫలాలు ఇక్కడ ఉండవు. కృత్తిక, రోహిణి, ఆర్ద్ర అన్న పేర్లు మాత్రం తరచూ వినిపిస్తాయి, ఎందుకంటే అవి మనం పైకి చూసి వేలెత్తి చూపించగల చుక్కలు.

కొత్తగా వచ్చారా? ‘మొదటి రాత్రి’ ప్లేలిస్ట్‌తో మొదలుపెట్టండి. ఏ పరికరమూ అక్కర్లేదు.

ఛానల్ కీవర్డ్స్

```
ఆకాశ పరిశీలన, తెలుగులో ఖగోళ శాస్త్రం, ఈ వారం ఆకాశం,
నక్షత్రాలు గుర్తుపట్టడం, గ్రహాలు ఎలా చూడాలి,
టెలిస్కోప్ తెలుగు, బైనాక్యులర్స్ తో ఆకాశం, శని వలయాలు,
చంద్రగ్రహణం ఎలా చూడాలి, ఉల్కాపాతం,
ఫోన్ తో నక్షత్రాల ఫొటో, చుక్కలతో పరిచయం,
telugu astronomy, stargazing telugu, telescope telugu
```

కొత్తవాళ్లకి కనిపించే పరిచయ వీడియో కింద

రాత్రి పైకి చూసినప్పుడు ఒక చుక్క మిగతావాటికంటే బాగా మెరుస్తూ కనిపించి, అదేమిటో తెలుసుకుందామని తెలుగులో వెతికితే, ఆ గ్రహం ఏ రాశిలోకి మారితే ఎవరికి ఏం జరుగుతుందో చెప్పే వీడియోలే వరసగా వస్తాయి. అది పడమర ఎంత ఎత్తులో ఉంది, ఎంతసేపు ఉంటుంది, దాని పక్కనున్నది ఏమిటి అని చెప్పేవి వెతికి పట్టుకోవాలి. అలా వెతికేవాళ్లకి మన భాషలో సూటిగా జవాబు దొరకాలని ఈ ఛానల్ నడుపుతున్నాను.

పేర్లు మనకి కొత్త కాదు. వేగుచుక్క అంటే శుక్రగ్రహం. మన ఆకాశంలో అది సూర్యుడి నుంచి సుమారు 47 డిగ్రీలకు మించి దూరం జరగదు, అందుకే తెల్లవారుజామున తూర్పునో సాయంత్రం పడమరనో తప్ప అర్ధరాత్రి నడినెత్తిన ఎప్పుడూ కనిపించదు. పిల్లలకోడి అని మనవాళ్లు పిలిచేది కృత్తిక. కంటికి ఆరేడు చుక్కల చిన్న గుంపులా ఉంటుంది, బైనాక్యులర్స్ పెడితే పదుల్లో చుక్కలు బయటపడతాయి. దానికి దగ్గర్లో కాస్త ఎర్రగా ఉన్నది రోహిణి, ఇంకొంచెం అవతల ఎర్రగా మెరిసేది ఆర్ద్ర. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రాత్రి ఎనిమిది దాటాక ఇవన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఈ పేర్లు పంచాంగంలో చదివినవాళ్లు చాలామందే ఉంటారు, కానీ వాటిని ఆకాశంలో చూపించమంటే తడుముకుంటారు. ఇక్కడ నేను చేసే పని ఆ చూపించడమే.

‘మొదటి రాత్రి’లో చిన్న చిన్న వీడియోలు ఉన్నాయి. దిక్కులు తెలుసుకోవడం, చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు ఆగడం (ఈలోపు ఫోన్ ఒక్కసారి చూసినా మళ్లీ మొదటికొస్తుంది, వెలుతురు తప్పదనుకుంటే మసక ఎర్రలైటు వాడండి), సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కనే అరుంధతిని పట్టుకోవడం, ఇలాంటివి. వరసలోనే చూడండి, ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉంటాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్లేలిస్ట్ ‘బైనాక్యులర్స్ చాలు’. 7x50 అని రాసి ఉంటే 7 రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం 50 మిల్లీమీటర్ల వెడల్పని అర్థం. రెట్లు ఎక్కువైనకొద్దీ చేతి వణుకు కూడా అంతే పెద్దదై కనిపిస్తుంది, కాబట్టి ఆ ప్లేలిస్ట్‌లో అంతా గోడకో స్తంభానికో మోచేతులు ఆనించే చూపించాను. అలా కదలకుండా పట్టుకుని గురుగ్రహం వైపు తిప్పితే, గుండ్రటి తెల్లటి బింబం, దానికి అటూ ఇటూ దాదాపు ఒకే గీతమీద సూదిమొనంత చుక్కలు రెండో మూడో, అదృష్టం బాగుంటే నాలుగూ. 1610 జనవరిలో గెలీలియో చూసింది వీటినే. గురుగ్రహం చంద్రుళ్లు అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో. అయో గురుగ్రహం చుట్టూ ఒకసారి తిరగడానికి రెండురోజులైనా పట్టదు, కాబట్టి రేపు అదే వేళకి మళ్లీ చూస్తే వరస మారిపోయి ఉంటుంది. రెండు రాత్రులు కాగితం మీద గీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి, ఆ చుక్కలు కదులుతున్నాయని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వీడియో కింద మీరు పెట్టిన గీతలన్నీ నేను చూస్తాను.

టెలిస్కోప్ కొనాలనుకునేవాళ్లు దయచేసి ‘కొనేముందు’ వీడియో చూశాకే కొనండి. డబ్బా మీద ‘500 రెట్లు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. రెట్లు ఎంతన్నది టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని, మనం కన్ను ఆనించి చూసే ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చే లెక్క, 700ని 10తో భాగిస్తే 70 రెట్లు, అంతే. పనికొచ్చే గరిష్ఠం మాత్రం ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో దానికి రెట్టింపు దగ్గర ఆగిపోతుంది. 60 మిల్లీమీటర్ల దానితో 120 రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుంది కానీ మసకబారుతుంది. శని వలయాలు తెలియడానికి 25, 30 రెట్లు సరిపోతాయి. పిల్లలకి కొనిచ్చిన టెలిస్కోప్ వారంలో అటకెక్కడానికి చాలాసార్లు కారణం వాళ్లకి ఆసక్తి లేకపోవడం కాదు, ఊగిపోయే స్టాండు. ముందు స్టాండు చూడండి.

ఫోన్ ఫొటోల ప్లేలిస్ట్ ఇంకా చిన్నదే. ట్రైపాడ్, మూడు సెకన్ల టైమర్, 15 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో మొదలుపెడతాం.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను: సరైన ఫిల్టర్ లేకుండా సూర్యుణ్ని చూడకండి. బైనాక్యులర్స్‌తో, టెలిస్కోప్‌తో అయితే క్షణం కూడా వద్దు, చూపు శాశ్వతంగా పోవచ్చు. గ్రహణం కళ్లద్దాల మీద ISO 12312-2 అని ఉండాలి, అవి కూడా ఉత్త కంటికే, వాటిని పెట్టుకుని బైనాక్యులర్స్‌లోంచి చూడకూడదు. చలవ కళ్లద్దాలు, పాత ఎక్స్‌రే ఫిల్ములు పనికిరావు. చంద్రగ్రహణానికి ఈ టెన్షన్ ఏదీ లేదు, హాయిగా చూడొచ్చు.

‘అక్కడ మెరిసింది ఏమిటి?’ అని కామెంట్‌లో అడిగేటప్పుడు మీరున్న ప్రాంతం, తేదీ, టైము, దిక్కు, ఎత్తు రాయండి. చెయ్యి బారుగా చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, నేలకీ ఆకాశానికీ మధ్య గీత నుంచి ఎన్ని పిడికిళ్ల పైన ఉందో చెబితే చాలు. మిణుకుమంటోందా, నిలకడగా ఉందా, కదిలిందా అన్నది కూడా రాయండి. ఆరిపోయి వెలగకుండా నిలకడగా మెరుస్తూ కొన్ని నిమిషాల్లో ఆకాశం దాటితే అది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతరిక్ష కేంద్రం కావచ్చు. ఈ వివరాలన్నీ ఉన్న ప్రశ్నలకి ముందు జవాబిస్తాను, కొన్నిటిని శుక్రవారం వీడియోలో చూపిస్తాను కూడా.