నాన్న విషయం: మనం ముగ్గురం పంచుకోవాల్సినవి

అన్నయ్యా, తమ్ముడూ,

నాన్న నిన్న ఇంటికొచ్చారు. ఈసారి పొట్టలోంచి ఆరు లీటర్ల నీరు తీసి, అల్బుమిన్ ఎక్కించారు. నీరు మళ్లీ చేరుతుందట, రెండు మూడు వారాలకోసారి తీయాల్సి రావచ్చు. గుండె బలహీనంగా ఉంది కాబట్టి లివర్ మార్పిడి కుదరదని డాక్టర్ తేల్చేశారు.

అసలు కష్టం రాత్రిళ్లు. విరేచనానికిచ్చే లాక్టులోజ్ మందు సరిగా పడక, రోజుకు రెండు మూడుసార్లు విరేచనం కాకపోతే నాన్నకు మతి తప్పుతోంది. మొన్న అమ్మనే ఎవరని అడిగారు. అమ్మ ఏడ్చిన ఏడుపు నేను చూడలేకపోయాను. ఆవిడ మోకాళ్లతో ఇక రాత్రి మేలుకోలేదు, నాకేమో పొద్దున్నే బడి.

మందులు, ఆస్పత్రి కలిపి నెలకు 40 వేలు, రాత్రికి మనిషిని పెడితే మరో 15. నాన్న పెన్షన్ 18 పోగా 37 వేలు కావాలి. అన్నయ్య 20, తమ్ముడు 12, నేను 5 వేసుకుందాం. పగటి పని, ఆస్పత్రి తిప్పడం నాది. మీరిద్దరూ నెల మార్చి నెల వచ్చి వారం ఉండండి. డబ్బు కంటే నాకు అదే ముఖ్యం.

వదినతో చెప్పు అన్నయ్యా, ఆవకాయ పంపొద్దని. ఉప్పు అసలు పడదు. నొప్పి మాత్రలు కూడా ఎవరూ ఇవ్వకండి. రక్తం కక్కినా, విరేచనం నల్లగా అయినా ఆలోచించకుండా ఆస్పత్రికే.

ఆదివారం రాత్రి 8కి ఫోన్ చేస్తాను. ఇద్దరూ లైన్లో ఉండండి.

మీ సుజాత