సుధకు ఇరవై ఆరు వారాల గేట్ ప్లాన్

సుధా,

మొన్న పిన్ని ఫోన్‌లో "దానికి సబ్జెక్టు వచ్చు, ఇంగ్లీషే భయం" అంది. నీ సెకండియర్ నోట్సు తిరగేశాక నాకు ఇంకోలా అనిపించింది. ఇంటర్ దాకా తెనాలిలో తెలుగు మీడియంలో చదివి, మూడేళ్లుగా ఇంగ్లీషు గైడ్లు బట్టీపట్టి గట్టెక్కావు. అందుకే ఇంటర్‌లో తెలుగులో బాగా అర్థమైనదీ, బీటెక్‌లో ఇంగ్లీషులో బట్టీపట్టిందీ నీ బుర్రలో రెండు వేరు వేరు గదుల్లో ఉన్నాయి. మధ్య గోడకు తలుపు పెట్టడమే ఈ ప్లాన్. ఆగస్టు మొదటి సోమవారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా ఇరవై ఆరు వారాలు వస్తున్నాయి.

ముందు పేపరు సంగతి. సివిల్ పేపర్లో 65 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. ఆప్టిట్యూడ్‌కు 15, మ్యాథ్స్‌కు 13, మిగతా 72 మన సబ్జెక్టుకు. ఒక మార్కు ఆప్షన్ల ప్రశ్న తప్పితే మూడో వంతు, రెండు మార్కులది తప్పితే ఒక మార్కులో మూడింట రెండు వంతులు పోతాయి. అంకె టైప్ చేసే ప్రశ్నలకీ, ఒకటికి మించి సరైన జవాబులు ఉండగల ప్రశ్నలకీ నెగెటివ్ లేదు. పేపరు మొత్తం ఇంగ్లీషులోనే. తెలుగు అనువాదం పక్కన ఉంటుందన్న ఆశ వద్దు.

నోటుబుక్కు

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ కొను. పేజీని నాలుగు గళ్లు చెయ్యి: ఇంగ్లీషు మాట, ఇంటర్‌లో చదివిన తెలుగు మాట, నీ సొంత తెలుగులో ఒక వాక్యం, ఆ మాట వచ్చిన ఒక లెక్క. మొదటి గడిలో స్పెల్లింగు చూడకుండా రాయాలి. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ మాట నీకు రానట్టే లెక్క. డిక్షనరీ ముందేసుకుని పేజీలకు పేజీలు మాటలు ఎక్కించొద్దు, నేను చేసిన మొదటి తెలివితక్కువ పని అదే. ఆ రోజు చేసిన లెక్కల్లో తగిలిన మాటలే ఎక్కాలి. రోజుకు ఆరు, వారానికి అయిదు రోజులు. ఇరవై వారాలకు ఆరు వందలవుతాయి. సివిల్ పేపరుకు అది తక్కువేమీ కాదు.

నమూనాకు నా పాత పుస్తకంలోంచి రెండు పేజీలు చెబుతాను.

స్ట్రెస్: ప్రతిబలం. ఈ మాటలో 'బలం' ఉంది కదా అని దీన్ని ఫోర్సు అనుకుంటాం. కాదు, అది వైశాల్యంతో భాగించిన బలం. యూనిట్ N/mm². ఫోర్సుకు 'బలం' అని రాశావు కాబట్టి స్ట్రెంగ్త్‌కు మళ్లీ 'బలం' అని రాయకు. "విరగకుండా తట్టుకోగల స్ట్రెస్" అని రాసుకో. పవర్‌కు ఇంటర్‌లో సామర్థ్యం అని చదివాం, పేపర్లవాళ్లు రిజర్వాయర్ కెపాసిటీనీ సామర్థ్యమే అంటారు. ఇలాంటివి కనపడ్డప్పుడల్లా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టు.

డ్యూటీ, డెల్టా: ఈ రెండూ మన ప్రాంతం వాళ్లను బాగా ముంచుతాయి. డెల్టా అనగానే మనకు కృష్ణా పశ్చిమ డెల్టా, డ్యూటీ అనగానే నైట్ డ్యూటీ. ఇరిగేషన్‌లో డెల్టా అంటే పంటకాలం మొత్తంలో పొలానికి పెట్టిన నీళ్లన్నీ ఒకేసారి నిలబెడితే వచ్చే లోతు. డ్యూటీ అంటే కాలువలో సెకనుకు ఒక ఘనపు మీటరు చొప్పున పంటకాలమంతా పారితే ఎన్ని హెక్టార్లు తడుస్తాయో ఆ లెక్క. బేస్ పీరియడ్ B రోజులు, డ్యూటీ D హెక్టార్లు అయితే డెల్టా మీటర్లలో:

```
Δ = 8.64 B / D
```

వరికి 120 రోజులు, 1.2 మీటర్ల డెల్టా అనుకో. D = 8.64 × 120 / 1.2 = 864 హెక్టార్లు. ఈ లెక్క బాబాయికి తెలుగులో చెప్పి చూడు. "మా చివరి పొలాలకు నీళ్లెందుకు అందట్లేదు మరి" అని అడుగుతాడు. జవాబు చెప్పడానికి కాలువలో ఇంకిపోయే నీళ్ల మాటలు, సీపేజ్ లాసు, కన్వేయెన్స్ ఎఫిషియెన్సీ, నీకు వాటంతటవే కావలసి వస్తాయి. అవి అదే పేజీలో రాయి.

ఇంకో సంగతి. మన పేపర్లూ ఊళ్లోవాళ్లూ క్యూసెక్కులు, టీఎంసీలు అంటారు. గేట్‌లో ఎక్కువగా ఘనపు మీటర్లే. క్యూమెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు మీటరు. ఒక క్యూసెక్కు 0.0283 క్యూమెక్కులు, ఒక టీఎంసీ సుమారు 28.3 మిలియన్ ఘనపు మీటర్లు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది గుర్తుందా? దాన్ని క్యూమెక్కుల్లోకి మార్చు, 31 వేలకు పైనే వస్తుంది. న్యూస్ పేపర్లో అలాంటి అంకె కనిపించినప్పుడల్లా మార్చే అలవాటు చేసుకో.

వారాలు

మొదటి ఏడు వారాలు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, స్ట్రక్చర్స్. తర్వాత అయిదు వారాలు సాయిల్స్. ఆపైన అయిదు వారాలు ఫ్లూయిడ్స్, హైడ్రాలజీ, ఇరిగేషన్. పద్దెనిమిది నుంచి ఇరవై దాకా ఎన్విరాన్‌మెంటల్, ట్రాన్స్‌పోర్టేషన్, సర్వేయింగ్. చివరి ఆరు వారాలు పాత పేపర్లు. మ్యాథ్స్‌కు విడిగా వారాలు ఇవ్వలేదు, బుధ, శనివారాలు గంట చొప్పున చాలు. సమాకలనం, మాత్రిక, సంభావ్యత నీకు తెలుగులో గట్టిగా వచ్చు, ఇంగ్లీషు పేరు అతికించడమే మిగిలింది. 'ఎట్ లీస్ట్ వన్' అంటే కనీసం ఒకటి, అంటే 1 లోంచి ఒక్కటీ లేని సంభావ్యతను తీసెయ్యి. 'ఎట్ మోస్ట్ టూ' అంటే రెండుకు మించకుండా, అంటే సున్నా, ఒకటి, రెండు మూడూ కలుపు. సున్నాను మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

నవంబరులో నీ సెమిస్టర్ పరీక్షలప్పుడు కొత్త మాటలు ఆపేసి పాతవే తిప్పు. దసరాకు ఎలాగూ మా ఇంటికి వస్తారు. దుర్గమ్మ దర్శనం క్యూలో నిలబడి ఆ పుస్తకం తియ్యకు, పెద్దమ్మ నన్నంటుంది. కానీ సాయంత్రం మేడ మీద ఒక టెస్టు పెడతాను. సంక్రాంతి మూడు రోజులూ సెలవు.

సాయిల్స్ వారాల్లో నీకు ఇంటి దగ్గరే ప్రయోగశాల ఉంది. గుంటూరు వైపు నల్లరేగడి వేసవిలో చెయ్యి పట్టేంత బీటలు తీసి వానకు ఉబ్బుతుంది కదా, పుస్తకంలో 'ఎక్స్‌పాన్సివ్ సాయిల్' అన్నది అదే. ష్రింకేజ్ లిమిట్, ప్లాస్టిక్ లిమిట్, లిక్విడ్ లిమిట్ ఈ వరసలోనే తేమ పెరుగుతుంది. ప్లాస్టిక్ అంటే ఇక్కడ బకెట్టు ప్లాస్టిక్ కాదు, విరగకుండా ముద్ద చేస్తే ఆకారం పట్టే గుణం. వాయిడ్ రేషియో, పొరాసిటీ ఒకేలా వినిపిస్తాయి. మొదటిది ఖాళీని గట్టి పదార్థంతో, రెండోది మొత్తంతో భాగించడం. అందుకే మొదటిది 1 దాటొచ్చు, రెండోది దాటదు. 'వెల్ గ్రేడెడ్' అంటే మంచి మార్కులు కాదు, చిన్నా పెద్దా అన్ని సైజుల రేణువులూ ఉన్నాయని.

ఇంగ్లీషులో మామూలు మాటే టెక్నికల్ మాటయ్యే చోట ఇలాగే కాళ్లు జారతాయి. టెన్షన్ అంటే లాగుడు. హెడ్ అంటే నీటి ఎత్తు. యీల్డ్ అంటే స్టీలు లొంగిపోవడం, బావి దగ్గర అది నీటి రాబడి. ఇలాంటివన్నీ పుస్తకం వెనక నుంచి రాస్తూ రా.

ప్రశ్న చదవడం

నా మొదటి గేట్ ఎందుకు పోయిందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఒక సాయిల్స్ ప్రశ్నలో వాటర్ టేబుల్ అయిదు మీటర్ల లోతున ఉంది, అది 'రైజెస్ బై' రెండు మీటర్లు. నేను 'రైజెస్ టు' అని చదివాను. అలాంటివి ఆ రోజు నాలుగైదు చేసుంటాను. తెలుగులో అయితే "రెండు మీటర్లు పెరిగింది", "రెండు మీటర్లకు పెరిగింది" అంటాం, ఆ 'కు' మాట చివర అతుక్కుని చెవిలో పడుతుంది. ఇంగ్లీషులో అంకెకు ముందు రెండక్షరాల మాటగా వచ్చి కన్నుగప్పి వెళ్లిపోతుంది. తేడా చూడు: ఎనిమిది మీటర్ల లోతు దగ్గర నీటి పీడనం కావాలి. బై అయితే నీరు మూడు మీటర్ల లోతుకు వస్తుంది, 5 × 9.81 = 49.05 kN/m². టు అయితే రెండు మీటర్ల లోతుకు, 6 × 9.81 = 58.86. ఆప్షన్లలో రెండూ ఉంటాయి, తప్పు చేసినట్టు తెలియను కూడా తెలియదు.

కాబట్టి మొదటి నెల నుంచే రోజూ రెండు ప్రశ్నలు లెక్క చెయ్యకుండా చదవడానికి మాత్రమే. పెన్సిల్‌తో చిన్న మాటల చుట్టూ సున్నాలు చుట్టు: బై, టు, నాట్, ఓన్లీ, పెర్, రెస్పెక్టివ్లీ, నెగ్లెక్టింగ్, విచ్చెవర్ ఈజ్ లెస్. రెస్పెక్టివ్లీ అంటే 'వరసగా'. P, Q అని అడిగితే జవాబూ ఆ వరసలోనే.

తర్వాత బొమ్మ. ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో తెలుగులోకి మార్చకు, కాగితం మీద బొమ్మలోకి మార్చు. "ఆరు మీటర్ల స్పాన్, రెండు చివర్లా సింప్లీ సపోర్టెడ్, మీటరుకు 10 kN యూడీఎల్" అని కామాలతో సాగే వాక్యంలో ఒక్కో కామా దగ్గర ఆగి అంతవరకు గీసెయ్యి. గీత, రెండు సపోర్టులు, పైన బాణాలు. గరిష్ఠ బెండింగ్ మూమెంట్ అడిగితే ఇక మిగిలింది wL²/8 = 10 × 36 / 8 = 45 kNm. అనువాదం పెట్టుకుంటే ఒక్కో ప్రశ్నకు అర నిమిషం పోతుంది, 65 ప్రశ్నలకు అరగంట పైనే. నాకు పోయింది.

ఆప్టిట్యూడ్‌లోని ఇంగ్లీషు గ్రామర్ గురించి టెన్షన్ పెట్టుకోకు. రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక సంపాదకీయం గట్టిగా చదువు, చాలు. ఆ 15 మార్కుల్లో చాలా భాగం శాతాలు, గ్రాఫుల లాంటి లెక్కలే, అవి నీకు ఆట.

తెనాలి నుంచి గుంటూరు రైల్లో వచ్చే పొద్దున మాటలు పైకి చదవలేవు, ఇబ్బందిగా ఉంటుంది. అందుకే రాత్రి ఆ రోజు ఆరు మాటలనూ నీ గొంతుతో ఫోన్‌లో రికార్డు చెయ్యి: ఇంగ్లీషు మాట, రెండు క్షణాల గ్యాపు, తెలుగు వాక్యం. పొద్దున ఇయర్‌ఫోన్ పెట్టుకుని గ్యాపులో జవాబు చెప్పుకో. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను నీ పుస్తకంలోంచి పది మాటలు ఫోన్‌లో అడుగుతాను. ఏడుకు తగ్గితే వచ్చే వారం కొత్త మాటలు నాలుగే.

అప్లికేషన్లు సాధారణంగా ఆగస్టు చివర, సెప్టెంబరులో తీసుకుంటారు. సెంటరు ఎంచుకునేటప్పుడు విజయవాడ పెట్టు, ముందు రోజు మా ఇంట్లో ఉండొచ్చు. స్క్రీన్ మీద వచ్చే క్యాలిక్యులేటర్‌తోనే లెక్కలు చెయ్యాలి, చేతి క్యాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు. కాబట్టి అక్టోబరు నుంచి నీ చేతిది బీరువాలో పెట్టి ఆ వర్చువల్ దాని మీదే చెయ్యి. మౌస్‌తో నొక్కడం మొదట్లో విసుగొస్తుంది.

సోమవారం రాత్రి మొదటి రికార్డింగు నాకు పంపు. ఆరు మాటలు: లోడ్, స్ట్రెస్, స్ట్రెయిన్, ఎలాస్టిసిటీ, యీల్డ్, డక్టైల్. డక్టైల్‌కు తెలుగు వాక్యం నీదే ఉండాలి, గైడులోది కాదు.

అన్నయ్య