తొమ్మిదో తరగతి వ్యవసాయ ప్రాజెక్టు టాపిక్‌లు: నేల, విత్తనం, సేంద్రియ ఎరువు

ప్రాజెక్టుకు ఆరు వారాల టైం ఉంది. నలుగురేసి ఒక జట్టు. కింది తొమ్మిదింటిలో ఒకటి ఎంచుకుని సోమవారంలోగా క్లాస్ లీడర్‌కు పేర్లు ఇవ్వండి. ఒకే టాపిక్ రెండు జట్లు తీసుకున్నా ఫర్వాలేదు, లెక్కలు పోల్చి చూసుకోవచ్చు. ఒకరి పుస్తకం చూసి ఇంకొకరు రాసుకుంటే మాత్రం ఒప్పుకోను.

పోయినేడు చార్టులు చాలా అందంగా వచ్చాయి. అందరూ ‘సేంద్రియ ఎరువుతో మొక్క బాగా పెరిగింది’ అనే రాశారు. దేనికంటే బాగా అని అడిగితే జవాబు లేదు. ఎరువు వేయని కుండీ ఒక్క జట్టు దగ్గరా లేదు మరి. తప్పు సగం నాదే, ముందుగా చెప్పాల్సింది. అందుకే ఈసారి ఒకటే షరతు: మీరు మార్పు చేసిన కుండీ పక్కన, ఏ మార్పూ చేయని కుండీ ఒకటి ఉండాలి. మార్చేది కూడా ఒక్కటే. ఎరువు మారిస్తే నీళ్లు, ఎండ, మట్టి, విత్తనం అన్నిటికీ ఒకేలా ఉండాలి.

నేల మీద

టాపిక్ 1. మన మట్టిలో ఇసుక ఎంత, బంక ఎంత?
కావలసింది నిటారుగా ఉండే గాజు సీసా, నీళ్లు, చిటికెడు సబ్బు పొడి. మట్టిని ఆరబెట్టి, గడ్డలు నలిపి, రాళ్లూ వేళ్లూ ఏరేసి సీసాలో మూడో వంతు పోయండి. సబ్బు పొడి వేసి, మెడ దాకా నీళ్లు నింపి, మూత బిగించి ఐదు నిమిషాలు బాగా ఊపండి. తర్వాత కదలని చోట పెట్టేయండి. నిమిషంలో ఇసుక దిగిపోతుంది, అక్కడ సీసా మీద గీత గీయండి. రెండు గంటలకు ఒండ్రు దిగుతుంది, రెండో గీత. బంకమన్ను దిగడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొత్తం మట్టి ఎత్తు 10 సెం.మీ., అందులో ఇసుక 5, ఒండ్రు 3, బంక 2 వచ్చాయనుకోండి. అంటే 50, 30, 20 శాతం, దాన్ని లోమ్ నేల అంటారు. పొలం మట్టి, చెరువు గట్టు మట్టి, బడి ఆవరణ మట్టి మూడూ పక్కపక్కన పెట్టండి. మట్టి తెచ్చేటప్పుడు ఒక్కచోట గిల్లి తేవద్దు. పొలంలో అడ్డదిడ్డంగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల పైచెత్త తీసి, 15 సెం.మీ. లోతు దాకా తవ్వి, అంతా కలిపి అందులోంచి అరకిలో తీసుకోండి. ఎరువు కుప్ప పోసిన చోటా, గట్టు పక్కనా, చెట్టు నీడలోనా తీయకండి.

టాపిక్ 2. నీళ్లు ఎంతసేపట్లో ఇంకుతాయి?
15 సెం.మీ. వెడల్పున్న పైపు ముక్కను నేలలోకి కాస్త దిగగొట్టండి. లోపల 450 మి.లీ. నీళ్లు పోస్తే దాదాపు 2.5 సెం.మీ. వానకు సమానం. మొత్తం ఇంకడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. అదే చోట రెండోసారి పోసి మళ్లీ చూడండి, అసలు లెక్క ఈ రెండోదే. ఆకులు కప్పిన నేల, బండ్లు తిరిగే దారి, దున్నిన చేను, ఈ మూడూ తీసుకుంటే తేడా కళ్లకు కడుతుంది.

టాపిక్ 3. నేల గుడ్డను తింటుందా?
నాకు బాగా ఇష్టమైన టాపిక్ ఇది. అచ్చమైన నూలు గుడ్డను 10 సెం.మీ. చదరంగా ఆరు ముక్కలు కత్తిరించి, విడివిడిగా తూచి, రెండేసి చొప్పున మూడు రకాల నేలల్లో అరచేతి లోతున పాతిపెట్టండి. గుర్తుకు పుల్ల గుచ్చండి, లేకపోతే చివర్లో చేనంతా తవ్వాల్సి వస్తుంది. ఐదు వారాల తర్వాత తీసి, మెల్లగా కడిగి, ఆరబెట్టి మళ్లీ తూచండి. సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్న నేలలో గుడ్డ జల్లెడలా అయిపోతుంది. అంచుకు నైలాన్ దారం కుట్టి ఉంటే ఆ దారం ఒక్కటే చెక్కుచెదరకుండా చేతికొస్తుంది. నూలు మొక్క నుంచి వచ్చింది కాబట్టి సూక్ష్మజీవులకు తిండి, నైలాన్ కాదు. నేల మరీ ఎండిపోతే ఎక్కడా ఏమీ జరగదు. అందుకే మూడు చోట్లా వారానికి ఒకసారి ఒకే కొలత నీళ్లు పోయండి.

టాపిక్ 4. వానపాముల లెక్క
అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తవ్వి, మట్టిని గోనె పట్టా మీద పోసి చేత్తో విడదీస్తూ లెక్కపెట్టండి. పది దాకా కనిపిస్తే నేల బాగున్నట్టే. తవ్వడం తడి ఉన్నప్పుడు, పొద్దున్నే. ఎండలో అవి లోతుకు పోతాయి, మీకు సున్నా వస్తుంది. లెక్క కాగానే మళ్లీ మట్టి కప్పేయండి. చార్లెస్ డార్విన్ అంతటి శాస్త్రవేత్త ఏళ్ల తరబడి వానపాములను గమనించి, 1881లో ఆ వివరాలన్నీ అచ్చు వేయించాడు. కాబట్టి చిన్న టాపిక్ అని ముఖం చిట్లించకండి.

విత్తనం మీద

టాపిక్ 5. మొలక శాతం
ఇంట్లో దాచిన పెసలు గానీ మినుములు గానీ తీసుకోండి. ఏరకుండా, చేతికొచ్చినవి వచ్చినట్టు 100 గింజలు లెక్కపెట్టండి. పుచ్చువి పక్కన పెట్టి మంచివే తీసుకుంటే పరీక్షకు అర్థం లేదు. తడి గుడ్డ మీద పదేసి చొప్పున పది వరుసలు పేర్చి, చుట్టి, నీడలో ఉంచండి. గుడ్డ తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు. నీళ్లలో మునిగిన గింజకు గాలి అందక కుళ్లిపోతుంది. రోజూ ఒకే వేళకు విప్పి చూడండి. వేరూ కాండమూ రెండూ సరిగా వచ్చినదాన్నే మొలకగా లెక్కించాలి. 100కి 80 మొలిస్తే 80 శాతం. ఆ గింజలతో 200 మొక్కలు కావాలంటే 250 విత్తాలి. అదే 50 శాతమైతే 400. ఈ చిన్న లెక్క మీ ఇంట్లో పెద్దవాళ్లకు కూడా పనికొస్తుంది, చూపించండి. పోయినేటి గింజలు, అంతకు ముందటేటివి దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి.

విత్తనం ఎన్నాళ్లు బతుకుతుందో తేల్చడానికి అమెరికాలో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో 20 సీసాల్లో విత్తనాలు పోసి భూమిలో పాతాడు. ఇప్పటికీ కొన్నేళ్లకొకటి చొప్పున తవ్వి తీస్తూనే ఉన్నారు. 2021లో తీసిన సీసాలో, 140 ఏళ్లు దాటాక కూడా కొన్ని గింజలు మొలిచాయి. మీకు ఆరు వారాలే ఉన్నాయి, టెన్షన్ పడకండి.

టాపిక్ 6. ఎంత లోతులో విత్తాలి?
పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సీసాలు పైభాగం కోసేయండి. మట్టి నింపుతూ, సీసా లోపలి గోడకు ఆనించి గింజలను 1, 3, 6, 10 సెం.మీ. లోతుల్లో పెట్టండి. బయట నల్ల కాగితం చుట్టి, చూసేటప్పుడు మాత్రమే తీయండి. పది సెం.మీ. గింజను జాగ్రత్తగా గమనించండి. తెల్లటి కాండం కొక్కెంలా వంగి పైకి తోసుకొస్తూ ఉంటుంది. గింజలో దాచుకున్న తిండి అయిపోయేలోగా వెలుతురు అందితే బతుకుతుంది, లేదంటే మట్టిలోనే ఆగిపోతుంది. గింజ మందానికి రెండు మూడింతల లోతు చాలని రైతులు అనుకునే మాట మీ సీసాలో నిజమవుతుందో లేదో తేల్చండి. పెద్ద గింజ ఒకటి, చిన్న గింజ ఒకటి తీసుకుంటే ఇంకా బాగుంటుంది.

టాపిక్ 7. ఉప్పునీళ్లలో మొలక
లీటరు నీటికి 0, 2, 5, 10 గ్రాముల ఉప్పు కలిపి నాలుగు గిన్నెలు. ఒక్కోదానికి 25 గింజలు. టాపిక్ 5లో చెప్పినట్టే తడి గుడ్డలో చేయండి. వారంలో అయిపోతుంది కాబట్టి ఈ జట్టు మూడుసార్లు చేసి సగటు ఇవ్వాలి.

ఒక హెచ్చరిక. గులాబీ రంగో పచ్చ రంగో పూసి ఉన్న ప్యాకెట్ విత్తనాలకు మందు పట్టించి ఉంటుంది. అవి ముట్టుకోవద్దు, ఇంట్లో దాచినవే వాడండి.

సేంద్రియ ఎరువు మీద

టాపిక్ 8. ఎరువు మాగిందా లేదా? గింజనే అడుగుదాం
పచ్చి పేడ, నెల దాటిన కుప్పలోది, బాగా చివికిన ఎరువు, మూడు రకాలు తెచ్చుకోండి. ఒక పాలు ఎరువుకు పది పాళ్లు నీళ్లు కలిపి, రాత్రంతా ఉంచి, గుడ్డలో వడకట్టండి. ఆ మూడు నీళ్లతోనూ, ఉత్త మంచినీళ్లతోనూ 25 గింజల చొప్పున మొలకెత్తించండి. మంచినీళ్లలో 24 మొలిచి, ఒక ఎరువు నీళ్లలో 12 మొలిస్తే, అది ఇంకా మాగలేదన్నమాట. పచ్చి ఎరువులో అమ్మోనియా, కొన్ని ఆమ్లాలు ఉంటాయి, అవే లేత వేరును మాడుస్తాయి. వేళ్ల పొడవు కూడా స్కేలుతో కొలవండి, మొలకల లెక్కలో కనిపించని తేడా అక్కడ దొరుకుతుంది. చేతులకు ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి, పని కాగానే సబ్బుతో కడుక్కోండి.

టాపిక్ 9. రెండు కంపోస్టు కుప్పలు
ఎండుటాకులు మూడు బుట్టలు, పచ్చి చెత్త ఒక బుట్ట, కాస్త పేడ. రెండు కుప్పలకూ కొలత ఒకటే. ఒకదాన్ని వారానికోసారి తిరగేయండి, రెండోది కదిలించకండి. కుప్ప మధ్యలోకి ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి, ముందు దగ్గరగా చెయ్యి పెట్టి చూసి, ఆపైనే తాకండి. కుప్ప పెద్దదైతే లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అప్పుడు చువ్వను పట్టుకోలేరు. మీ బుట్టల కుప్ప చిన్నది, గోరువెచ్చగా మిగిలినా ఆశ్చర్యం లేదు. ముక్కు మండే వాసన వస్తే పచ్చిది ఎక్కువైంది, ఎండుటాకులు కలపండి. కుళ్లిన కోడిగుడ్డు వాసనైతే నీళ్లు ఎక్కువై గాలి ఆడడం లేదు. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే తడి.

వర్మీ కంపోస్టు చేస్తామని కొందరు అడిగారు. ఆరు వారాల్లో అది పూర్తవదు. పైగా వేడిగా ఉన్న పచ్చి పేడలో వానపాములను వదిలి చంపుకున్న జట్లను చూశాను. వచ్చే టర్మ్‌లో చేద్దాం.

నోట్‌బుక్ ఎలా ఉండాలంటే

ఇది టాపిక్ 5 కోసం నేనే ఇంట్లో చేసి రాసుకున్న పేజీ:

1వ రోజు, సాయంత్రం 6: 100 పెసలు గుడ్డలో చుట్టాను.
2వ రోజు: 31 గింజల తొక్క పగిలింది. మొలక 0.
3వ రోజు: 68 మొలిచాయి. గుడ్డ ఒక మూల ఎండిపోయింది, అక్కడి వరుసలో 2 మాత్రమే.
4వ రోజు: 83. బూజు పట్టినవి 4.
5వ రోజు: 84. ఇక మారలేదు.
నా పొరపాటు: మూడో రోజు మధ్యాహ్నం తడపడం మరిచాను. మళ్లీ చేస్తే రెండు పూటలా తడపాలి.

చివరి రెండు వాక్యాలకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అన్నీ చచ్చిపోతే ‘చచ్చిపోయాయి’ అని రాయండి, ఎందుకు పోయాయనుకుంటున్నారో రాయండి. 20 మార్కుల్లో రోజువారీ నోట్‌కు 10, పోలిక కుండీకి 4, లెక్కలకు 4, చార్టుకు 2. మూడో శుక్రవారం చివరి పీరియడ్‌లో నోట్‌బుక్కులు ఎలా ఉన్నవి అలాగే పట్టుకురండి, ఫెయిర్ కాపీ వద్దు.